తోతాపురికి ఒక ధర, పేరుకు ఒక ధర

బ్రాండు విలువ అంటే ఒక పేరు వల్ల దాని యజమానికి ముందు ముందు రాబోయే అదనపు రాబడికి ఈ రోజు కట్టే ధర. ఇందులో బరువైన మాట 'అదనపు'. ఫ్యాక్టరీ వల్ల, యంత్రాల వల్ల, పనితెలిసిన మేనేజరు వల్ల వచ్చే లాభం ఈ లెక్కలోకి రాదు. అవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, సీసా మీద పేరు ఒక్కటి చెరిపేస్తే రాబడి ఎంత తగ్గుతుందో, అంతవరకే ఆ పేరు సంపాదన.

పేరు లేని సరుకు ఎలా అమ్ముడవుతుందో తెలియాలంటే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రెండు పంటలను చూస్తే చాలు. మదనపల్లె మార్కెట్లో టమాటా 2023 జూలైలో కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్లింది. అదే మార్కెట్లో కోత కూలి కూడా రాక రైతులు కాయను పారబోసిన రోజులు అంతకు ముందూ ఉన్నాయి, ఆ తరవాతా ఉన్నాయి. గుజ్జుకు వాడే తోతాపురి మామిడిదీ అదే దారి. 2025 సీజనులో ధర పడిపోతే ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కేలా ఏర్పాటు ప్రకటించవలసి వచ్చింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం కలుపుతుంది. పుంగనూరు తోటలో కాసిన తోతాపురికీ సరిహద్దు అవతల కోలారు జిల్లా శ్రీనివాసపురంలో కాసిన తోతాపురికీ కొనేవాడి దృష్టిలో తేడా లేదు. తేడా లేని సరుకుకు ఆ రోజు మార్కెట్లో సరఫరా, గిరాకీ కలిసి ఏ ధర నిలబెడితే అదే ధర.

ఆ కాయే ఫ్యాక్టరీలో గుజ్జవుతుంది. సుమారు 215 కిలోలు పట్టే ఇనుప డ్రమ్ముల్లో, గాలి తగలని సంచుల్లో నిండి బయటికి వెళుతుంది. అప్పటికీ అది పేరు లేని సరుకే. ఏ ఫ్యాక్టరీ డ్రమ్మయినా తీపి, పులుపు, రంగు కొలతల్లో సరిపోతే కొనుగోలుదారు తీసుకుంటాడు. దాన్ని నీళ్లతో, చక్కెరతో కలిపి సీసాలో పోసి పైన 'మాజా' అని ముద్ర వేసిన తరవాత మాత్రం లెక్క మారిపోతుంది. కుప్పంలో బస్సు దిగిన మనిషి దుకాణంలో మామిడి రసం అని అడగడు, మాజా ఇమ్మంటాడు. గుజ్జు ధర పడిపోయిన ఏడాది కూడా సీసా ధర పడదు. కాయకూ సీసాకూ మధ్య ఉన్న డబ్బంతా పేరుదే అనుకోవడం మాత్రం పొరపాటు. చక్కెర, సీసా, రవాణా, దుకాణదారు వాటా, పన్ను, ప్రకటనలు, ఫ్రిజ్‌లు అన్నీ అందులోనే ఉన్నాయి. మదింపుదారు పని ఆ పెద్ద మొత్తంలోంచి పేరు వాటా ఒక్కటీ విడదీయడం.

మాజా చరిత్రే ఆ పని ఎందుకు అవసరమో చూపుతుంది. 1977లో కోకాకోలా భారతదేశం విడిచి వెళ్లిన తరవాత పార్లే సంస్థ అధిపతి రమేశ్ చౌహాన్ చేతిలో థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, సిట్రా, మాజా దేశమంతా పాతుకుపోయాయి. 1993లో కోకాకోలా తిరిగి వచ్చినప్పుడు ఈ పేర్లన్నిటినీ కొనేసింది. ధర సుమారు 6 కోట్ల డాలర్లని అప్పట్లో వార్త. ఆ కంపెనీకి పానీయం తయారు చేయడం కొత్తగా నేర్పాల్సిన పని లేదు. అది కొన్నది రెండింటిని: జనం నోట్లో నానిన పేర్లు, ఆ పేర్ల వెంట నడిచే బాట్లింగు యజమానుల వరస. సొంత పేరుతో మొదటి నుంచి మొదలుపెడితే ఎన్నేళ్లు పడుతుంది, ఎంత ప్రకటన ఖర్చవుతుంది, ఆ ఏళ్లలో పోటీదారు ఎంత దూరం వెళ్లిపోతాడు అన్న మూడు ప్రశ్నలకు జవాబే ఆ ధర.

పెట్టుబడిదారులు బ్రాండుకు విడిగా ధర కట్టడానికి మొదటి కారణం ఇదే. కొనేవాడు తాను ఇచ్చే డబ్బులో ఎంత భవనాలకు, ఎంత పేరుకు ఇస్తున్నాడో తెలుసుకోవాలి. రెండో కారణం ఖాతా పుస్తకం. భారతీయ అకౌంటింగ్ ప్రమాణం 38 ప్రకారం సొంతంగా పెంచుకున్న బ్రాండును ఆస్తిగా రాసుకోకూడదు. దాన్ని పెంచడానికి పెట్టిన ప్రకటన ఖర్చంతా ఏ ఏడాదికి ఆ ఏడాది ఖర్చుగానే పోతుంది. అదే పేరును ఇంకొక కంపెనీ కొంటే, ప్రమాణం 103 ప్రకారం కొన్న కంపెనీ పుస్తకంలో అది విడి ఆస్తిగా కనబడి తీరాలి. అంటే ముప్పై ఏళ్లు పెంచినవాడి పుస్తకంలో సున్నా, నిన్న కొన్నవాడి పుస్తకంలో కోట్లు. ఈ వింతను మొదట గట్టిగా ప్రశ్నించింది బ్రిటన్‌లో పిండి, రొట్టెలు అమ్మే ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ సంస్థ. 1988లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ దాన్ని బలవంతంగా చేజిక్కించుకోబోతే, తన వాటాదారులకు అసలు విలువ తెలియాలని ఆ సంస్థ సొంత బ్రాండ్లకే 67.8 కోట్ల పౌండ్ల విలువ కట్టి ఆస్తుల పట్టికలో చూపింది. సొంత బ్రాండును అలా రాసుకునే వీలు ఇప్పటి ప్రమాణాల్లో లేదు. కానీ విలువ కట్టే విద్య మాత్రం ఆ కాలంలోనే రూపు దిద్దుకుంది.

ఈ విద్యలో ఎక్కువగా వాడే పద్ధతికి 'రాయల్టీ మిగులు' అని పేరు పెట్టవచ్చు. దాని వెనక ఊహ సులువు. ఒక కంపెనీకి తన పేరు మీద హక్కు లేదనుకుంటే, ఆ పేరును వాడుకోవడానికి అసలు యజమానికి అమ్మకాల్లో ఇంత శాతమని ఏటా అద్దె కట్టాలి. సొంత పేరు కనక ఆ అద్దె మిగులుతోంది. అలా ఏటా మిగిలే అద్దెలన్నిటినీ ఈనాటి విలువకు దించి కూడితే బ్రాండు ధర వస్తుంది.

ఇది కేవలం ఊహ కాదనడానికి రాజమహేంద్రవరం పక్కన ధవళేశ్వరంలో సాక్ష్యం ఉంది. అక్కడి ఫ్యాక్టరీలో హార్లిక్స్ దశాబ్దాలుగా తయారయింది. ఫ్యాక్టరీ భారతీయ కంపెనీది. హార్లిక్స్ అన్న పేరు మాత్రం బ్రిటన్‌లోని మాతృసంస్థ జీఎస్‌కేది. 2020 ఏప్రిల్‌లో ఆ భారతీయ కంపెనీ హిందుస్థాన్ యూనిలీవర్‌లో విలీనమైంది. ఫ్యాక్టరీలూ సిబ్బందీ అమ్మకాలూ విలీనంతో వచ్చేశాయి, పేరు రాలేదు. భారతదేశం వరకు ఆ పేరును సొంతం చేసుకోవడానికి యూనిలీవర్ భారత సంస్థ విడిగా 3,045 కోట్ల రూపాయలు చెల్లించింది. ఫ్యాక్టరీకి ఒక దారి, పేరుకు ఇంకొక దారి ఉంటుందని దీనికన్నా తేటగా చెప్పే ఉదాహరణ దొరకదు.

లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి ఒక ఊహా కంపెనీని తీసుకోవచ్చు. పుంగనూరు దగ్గర సొంత యూనిట్లో మామిడి పానీయం తయారు చేసి మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల దుకాణాలకు అమ్ముతుంది. ఏడాది అమ్మకాలు 40 కోట్లు. ఖర్చులు పోను వ్యాపార లాభం అమ్మకాల్లో 12 శాతం. దీన్ని స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైన ఒక పెద్ద పానీయాల కంపెనీ కొనాలనుకుంటోంది.

మదింపుదారు మొదట కూర్చునేది అమ్మకాల అంచనా దగ్గర. గత ఏళ్ల బిల్లులు చూసి వచ్చే అయిదేళ్లు ఏటా 8 శాతం పెరుగుదల, ఆ తరవాత శాశ్వతంగా 4 శాతం అని పెట్టుకున్నాడనుకుంటే, మొదటి ఏడాది అమ్మకాలు 43 కోట్ల 20 లక్షలు, అయిదో ఏడాదికి దాదాపు 58 కోట్ల 80 లక్షలు అవుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. లెక్కలోకి ఆ పేరు మీద జరిగే అమ్మకాలే రావాలి. యూనిట్ ఖాళీగా ఉన్న నెలల్లో వేరే కంపెనీల కోసం సీసాలు నింపి ఇచ్చే కూలి పని అమ్మకాలు పుస్తకంలో ఉంటే వాటిని తీసేయాలి. ఆ రాబడి యంత్రానిది, పేరుది కాదు.

తరవాతది అన్నిటికన్నా కష్టమైన అంకె, రాయల్టీ శాతం. ఇలాంటి పానీయాల పేర్లు అద్దెకిచ్చిన ఒప్పందాల్లో ఎంత శాతం రాసుకున్నారో వెతకడం ఒక దారి. అయితే అచ్చంగా పోలిన ఒప్పందం దొరకడం అరుదు. దేశమంతా తెలిసిన పేరుకు రాసిన రేటును మూడు తాలూకాల్లో తెలిసిన పేరుకు అంటగడితే లెక్క మొదట్లోనే తప్పుతుంది. ఒకప్పుడు లాభంలో నాలుగో వంతు రాయల్టీ అనే బండ సూత్రం ఈ రంగంలో చెలామణి అయింది. 2011లో అమెరికాలో ఒక పేటెంటు కేసులో అక్కడి అప్పీలు కోర్టు దానికి ఆధారం లేదని కొట్టేసింది. ఇప్పుడు దాన్ని సరిచూపుగా చూసేవాళ్లున్నారు గానీ, దాని మీదే నిలబడి లెక్క చెప్పేవాడి నివేదిక నిలవదు. ఈ కంపెనీలో 12 శాతం లాభంలో నాలుగో వంతు 3 శాతం అవుతుంది. ఆ 3 శాతం నిజంగా ఆ పేరుకు తగునా అన్నది సరుకు దగ్గరికి వెళ్లి తేల్చుకోవాలి.

తేల్చుకునే దారి ఈ కంపెనీలోనే ఉందనుకోవచ్చు. ఇదే పానీయాన్ని ఒక సూపర్ మార్కెట్ గొలుసు సొంత పేరుతో సీసాల్లో పోయించుకుంటోంది. కంపెనీ తన పేరుతో అమ్మేటప్పుడు లీటరుకు టోకు ధర 60 రూపాయలు, సూపర్ మార్కెట్‌కు ఇచ్చేది 56 రూపాయలకు. ద్రవం ఒకటే, సీసా ఒకటే, తేడా 4 రూపాయలు. అయితే సొంత పేరును నిలబెట్టడానికి గోడ రాతలు, జాతరల్లో స్టాళ్లు, దుకాణాలకు బోర్డులు కలిపి లీటరుకు రూపాయి 75 పైసలు పోతోంది. అది తీసేస్తే పేరు వల్ల నిఖరంగా మిగిలేది 2 రూపాయల 25 పైసలు, అంటే 60లో 3.75 శాతం. సూపర్ మార్కెట్ ఒకేసారి పెద్ద ఆర్డరు ఇస్తుంది కనక తేడాలో కొంత ఆ రాయితీది కూడా. దాన్నీ తగ్గిస్తే 3 శాతం న్యాయంగానే కనబడుతుంది.

ఇక మిగిలింది కూడిక. మొదటి ఏడాది 43 కోట్ల 20 లక్షల మీద 3 శాతం అంటే సుమారు కోటి 30 లక్షలు. అందులో నాలుగో వంతు ఆదాయపు పన్నుకు పోతుందనుకుంటే మిగిలేది 97 లక్షలు. అయిదో ఏడాదికి ఈ మిగులు కోటి 32 లక్షలకు చేరుతుంది. అయితే అయిదేళ్ల తరవాత వచ్చే రూపాయి ఈనాటి రూపాయితో సమానం కాదు. అది రాకపోయే ప్రమాదం కూడా ఉంది. ఆ రెండిటికీ కలిపి ఏటా 16 శాతం తగ్గింపు రేటు వేస్తే, అయిదో ఏడాది రూపాయి ఈనాటికి 48 పైసలు కూడా చేయదు. అలా దించి కూడితే మొదటి అయిదేళ్ల మిగులు 3 కోట్ల 65 లక్షలు. అయిదేళ్ల తరవాతి కాలమంతటికీ కలిపి 5 కోట్ల 46 లక్షలు. మొత్తం 9 కోట్ల 10 లక్షల చిల్లర. ఇదీ ఆ పేరు ధర.

ఈ అంకె ఎంత గట్టిదో తెలుసుకోవడం అంకె కట్టడం కన్నా ముఖ్యం. ఇందులో 60 శాతం విలువ అయిదేళ్ల తరవాతి నుంచి వస్తోంది. అంటే ఎవరూ చూడని కాలం నుంచి. రాయల్టీని 2 శాతంగా తీసుకుంటే ధర 6 కోట్లకు దిగుతుంది, 4 శాతంగా తీసుకుంటే 12 కోట్లకు ఎక్కుతుంది. రాయల్టీని 3 శాతంగానే ఉంచి తగ్గింపు రేటును 16 నుంచి 14కు దించితే 11 కోట్లవుతుంది, 18కి పెంచితే 7 కోట్ల 80 లక్షలకు వస్తుంది. రెండూ అమ్మేవాడికి అనుకూలంగా మలిస్తే 14 కోట్లు దాటుతుంది, కొనేవాడికి అనుకూలంగా మలిస్తే 5 కోట్ల దగ్గర ఆగుతుంది. ఎవరూ అబద్ధం ఆడనక్కరలేదు, ఒక్కొక్క అంకెను కాస్త కాస్త జరిపితే చాలు. అందుకే మంచి నివేదిక ఒకే అంకెతో ఆగదు, ఈ కదలికల పట్టికను కూడా జత చేస్తుంది. అది లేని నివేదిక చేతికి వస్తే కొనేవాడు మొదట అడగవలసింది దాన్నే.

తగ్గింపు రేటును కూడా గాలిలోంచి తీయరు. పేరు ఎంత గట్టిదైతే ప్రమాదం అంత తక్కువ, రేటు అంత తక్కువ. ఆ గట్టిదనాన్ని దుకాణాల్లో కొలుస్తారు. ఊహా కంపెనీకి మదనపల్లెలో ఒక రకంగా, కుప్పంలో ఇంకొక రకంగా ఉండవచ్చు. కుప్పం తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల మధ్య ఉన్న ఊరు. అక్కడి దుకాణంలో మూడు రాష్ట్రాల సరుకు పక్కపక్కనే కూర్చుంటుంది. మదనపల్లెలో ఈ పేరు లేదంటే కొనేవాడు ఇంకొక దుకాణానికి వెళతాడు, కుప్పంలో లేదంటే పక్క సీసా తీసుకుంటాడు. ఈ రెండో రకం అమ్మకాలు ఎక్కువైతే పేరు అంత గట్టిది కాదని అర్థం. ధర రెండు రూపాయలు పెంచిన నెలలో అమ్మకం ఎంత పడింది అన్న పాత లెక్క దొరికితే అది సర్వేల కన్నా నమ్మదగినది.

పద్ధతులు ఇంకా ఉన్నాయి గానీ వాటి మీద ఎక్కువ సేపు నిలబడనక్కరలేదు. ఆ పేరును మళ్లీ మొదటి నుంచి నిర్మించడానికి అయ్యే ఖర్చును చూసేది ఒకటి. పాత ప్రకటనల బిల్లులు కూడితే ఏదో ఒక అంకె వస్తుంది. అయితే కోట్లు ఖర్చు పెట్టి మట్టిలో కలిసిన పేర్లు ఉన్నాయి, పైసా ఖర్చు లేకుండా నోటి మాట మీద నిలిచినవీ ఉన్నాయి. ఖర్చు విలువకు సాక్ష్యం కాదు. ఇలాంటి పేర్లు ఎంతకు అమ్ముడయ్యాయో చూసేది ఇంకొక పద్ధతి. రిలయన్స్ 2022లో కాంపా కోలా పేరును 22 కోట్లకు కొన్నదని వార్తలు వచ్చాయి. ఒకప్పుడు ఊరూరా తాగిన పేరే, కొనే నాటికి అంగళ్లలో దాదాపు కనబడటం మానేసింది. ఆ 22 కోట్లు నడుస్తున్న అమ్మకాలకు ఇచ్చినవి కావు, పెద్దవాళ్ల జ్ఞాపకానికి ఇచ్చినవి. దాన్ని చూసి నడుస్తున్న పానీయానికి ధర చెప్పడం కుదరదు. ఈ పద్ధతి ఎందుకు అంతగా పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది: రెండు పేర్లు ఒకేలా ఉండవు.

లెక్క అంతా సరిగా ఉన్నా ధర సున్నా అయ్యే సందర్భం ఒకటుంది. అమ్మేవాడికి అసలు ఆ పేరు మీద హక్కు లేకపోవడం. కుటుంబ వ్యాపారాల్లో ఇది తరచుగా బయటపడుతుంది. ఫ్యాక్టరీ, లైసెన్సులు, బ్యాంకు అప్పు కంపెనీ పేరు మీద ఉంటాయి, ట్రేడ్‌మార్కు మాత్రం తాతగారి పేరు మీదో చిన్నాన్నగారి పేరు మీదో నమోదై ఉంటుంది. కంపెనీని కొన్నవాడికి సీసా దక్కుతుంది, లేబులు దక్కదు. కనక కొనుగోలుదారు తరఫు వకీలు మొదట చూసేది ట్రేడ్‌మార్కు రిజిస్టరు: యజమాని ఎవరు, మద్యం కాని పానీయాల తరగతి 32లో నమోదు ఉందా, పదేళ్లకోసారి చేయాల్సిన పునరుద్ధరణ చేశారా, ఎవరైనా అభ్యంతరం పెట్టి ఉన్నారా అన్నవి.

మాజా వ్యవహారమే ఇందుకు పెద్ద పాఠం అయింది. 1993 ఒప్పందంలో మాజా పేరు కోకాకోలాకు దక్కింది భారతదేశం వరకే. విదేశాల్లో హక్కు చౌహాన్ వర్గం దగ్గరే ఉండిపోయింది. 2008లో కోకాకోలా టర్కీలో మాజాను తన పేరున నమోదు చేయడానికి దరఖాస్తు పెట్టింది. దాంతో చౌహాన్ గారి బిస్లెరి సంస్థ పాత ఒప్పందానికి ఇక కట్టుబడేది లేదని నోటీసు ఇచ్చి, మాజాను తానే వాడుకుంటానంది. వివాదం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2009 అక్టోబరులో కోర్టు బిస్లెరిని భారతదేశంలోనూ, ఇక్కడి నుంచి ఎగుమతికీ ఆ పేరు వాడకుండా నిలిపింది. పేరు ధరను లెక్క కట్టేటప్పుడు ఏ దేశానికి, ఏ సరుకుకు, ఎంత కాలానికి అన్న మూడు గీతలు ముందే గీయాలి. సరిహద్దు దాటిన అమ్మకాలను లెక్కలో కలిపేస్తే, లేని ఆస్తికి డబ్బిచ్చినట్టు.

పేరుండీ బ్రాండు కానివి కూడా ఉన్నాయి. పుంగనూరు ఆవు పేరు తెలియనివాళ్లు ఇప్పుడు తక్కువ. పొట్టిగా ఉండే ఆ జాతి పశువుకు దూర ప్రాంతాల్లో కూడా పెద్ద ధర పలుకుతుంది. ఆ ధర జాతి అరుదుగా ఉండటం వల్ల వచ్చింది. ఆ పేరు ఒకరిది కాదు, అమ్మడానికీ కొనడానికీ వీల్లేదు. భౌగోళిక గుర్తింపు పొందిన పేర్ల విషయంలో చట్టమే ఈ మాట చెబుతుంది. తిరుపతి లడ్డూకు గుర్తింపు వచ్చింది 2009లో. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం అలాంటి గుర్తింపును ఇంకొకరికి రాసివ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు, అద్దెకివ్వకూడదు. వేరు చేసి చేతులు మార్చలేని దానికి మదింపుదారు బ్రాండు ధర కట్టడు. అందువల్ల ఆ పేర్లకు ఆదరణ లేదని కాదు, ఆ ఆదరణ ఒక కొనుగోలుదారు జేబులోకి చేరే దారి లేదని మాత్రమే.

తాకట్టు అనే మాట దగ్గర ఇంకొక ప్రమాదం ఉంది. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ తన పేరును బ్యాంకులకు తాకట్టు పెట్టింది. విమానాలు ఎగురుతున్న రోజుల్లో ఆ పేరుకు నాలుగు వేల కోట్లకు పైగా మదింపు వచ్చింది. విమానాలు 2012లో ఆగిపోయాయి. 2016లో బ్యాంకులు దాన్ని సుమారు 367 కోట్ల కనీస ధరకు వేలం వేస్తే కొనేవాళ్లు రాలేదు, తగ్గించి మళ్లీ వేస్తే అప్పుడూ రాలేదు. రాయల్టీ మిగులు లెక్క దీన్ని ముందే చెప్పగలదు. అమ్మకాలు సున్నా అయితే దాని మీద ఎంత శాతం రాయల్టీ వేసినా సున్నాయే. యంత్రాన్ని తాకట్టు పెడితే వ్యాపారం మునిగినా ఇనుము మిగులుతుంది. బ్రాండు మాత్రం వ్యాపారం మునిగే రోజునే తానూ మునుగుతుంది. అప్పిచ్చేవాడికి ఆసరా కావలసింది సరిగ్గా ఆ రోజునే.

వార్తల్లో వచ్చే పెద్ద అంకెల దగ్గర కూడా ఒక కన్ను వేసి ఉంచడం మంచిది. థమ్స్ అప్ 2021లో వంద కోట్ల డాలర్ల బ్రాండు అయిందని కోకాకోలా ప్రకటించింది. అది ఆ ఏడాది అమ్మకాల అంకె, పేరు ధర కాదు. ఇందాకటి లెక్కలో 40 కోట్ల అమ్మకాలున్న కంపెనీ పేరుకు 9 కోట్లు మాత్రమే వచ్చింది. రెండిటినీ ఒకటిగా చదివితే నాలుగింతలకు పైగా తేడా వస్తుంది.

ఊహా కంపెనీ అమ్ముడయ్యేటప్పుడు ఈ 9 కోట్లు ఒంటరిగా నిలబడవు. మొత్తం కొనుగోలు ధర 32 కోట్లనుకుంటే అందులో భూమి, భవనాలు, యంత్రాలకు 15 కోట్లు, నడుస్తున్న సరుకూ బాకీలకు 4 కోట్లు, పంపిణీదారులతో ఉన్న ఒప్పందాలకు 2 కోట్లు, పేరుకు 9 కోట్ల 10 లక్షలు పోతే కోటి 90 లక్షలు మిగులుతాయి. దేనికీ అంటగట్టలేని ఆ మిగులు గుడ్‌విల్. ఈ కూడిక ఒక పరీక్ష కూడా. పేరుకు 14 కోట్లని రాస్తే గుడ్‌విల్ సున్నా కన్నా కిందికి దిగుతుంది. అంటే పంపిణీదారుల వల్ల వచ్చే లాభాన్నే పేరు లాభంగా ఇంకోసారి లెక్కించారని అనుమానించాలి. దుకాణదారు సీసా పెట్టుకోవడానికి పేరు కారణమా, నెల అరువిచ్చే పంపిణీదారు కారణమా అన్నది తేల్చకుండా రెండు చోట్లా రాసుకోవడం ఈ రంగంలో అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు.

పన్ను దగ్గర రెండు పక్షాలకూ దారులు వేరు. సొంతంగా పెంచుకున్న పేరును అమ్మినవాడికి ఆదాయపు పన్ను చట్టం దాని కొన్న ధరను సున్నాగా చూస్తుంది. పేరును విడిగా అమ్మితే వచ్చిందంతా లాభమే, దాని మీద పన్ను పడుతుంది. కొన్నవాడు ట్రేడ్‌మార్కు మీద ఏటా 25 శాతం చొప్పున తరుగుదల చూపుకోవచ్చు. గుడ్‌విల్ మీద ఆ సౌకర్యం 2021 బడ్జెట్‌తో పోయింది. అప్పటి నుంచి కొనుగోలుదారులకు గుడ్‌విల్ గడిలో రాసే రూపాయిని పేరు గడిలోకి జరపాలన్న ఆశ పెరిగింది. నివేదికలో పేరు విలువ ఎక్కువగా కనబడితే ఈ ఆశ పనిచేసిందేమోనని పన్ను అధికారి చూస్తాడు.

కొన్న తరవాత కూడా మదింపు ముగియదు. పేరుకు ఆయుష్షు ఇంత అని చెప్పలేమని కొన్న కంపెనీ నిర్ణయిస్తే, దాన్ని ఏటా కొంత కొంత తగ్గించుకుంటూ పోనక్కరలేదు. బదులుగా ఏడాదికి ఒకసారైనా అదే లెక్క మళ్లీ కట్టి చూడాలి. మూడేళ్లకు పుంగనూరు పానీయం అమ్మకాలు పెరగక 40 కోట్ల దగ్గరే ఆగిపోయి, ఇక మీద పెరుగుదల ఏటా 2 శాతానికి మించదని తేలిందనుకుంటే, అదే 3 శాతం రాయల్టీ, అదే 16 శాతం తగ్గింపు రేటుతో పేరు విలువ 6 కోట్ల 55 లక్షల చిల్లర దగ్గర ఆగుతుంది. పుస్తకంలో ఉన్న 9 కోట్ల 10 లక్షలకూ దీనికీ మధ్య తేడా, సుమారు 2 కోట్ల 55 లక్షలు, ఆ ఏడాది నష్టంగా రాయాలి. ఆ తరవాత అమ్మకాలు తిరిగి పుంజుకుంటే పేరు విలువను పాత అంకె దాటకుండా మళ్లీ పెంచి రాసుకోవడానికి ప్రమాణం 36 ఒప్పుకుంటుంది. గుడ్‌విల్ విషయంలో ఒకసారి తగ్గించి రాసింది మళ్లీ పెరగదు.